వ్యతిరేక పక్షం రెండో స్పీకర్‌కు

చిట్టితల్లికి,

మేనత్త ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. స్కూల్ డిబేట్ టీమ్‌లో నిన్ను వ్యతిరేక పక్షం రెండో స్పీకర్‌గా పెట్టారనీ, వరసలో నీ వంతు నాలుగోది కాబట్టి అప్పటికి చెప్పాల్సినవన్నీ ఎవరో ఒకరు చెప్పేసి ఉంటారేమోనని టెన్షన్‌గా ఉందనీ రాశావు. నిజానికి ఆ నాలుగో చోటే నాకు ఇష్టం. నేను మాట్లాడిన రోజుల్లోనూ, ఆ తర్వాత జడ్జిగా కూర్చున్నప్పుడూ, చాలా డిబేట్లు అక్కడే ఒక పక్కకు ఒరగడం చూశాను.

మీరు ఆడేది వరల్డ్ స్కూల్స్ పద్ధతి అన్నావు. అంటే టీముకు ముగ్గురు. ఒక్కొక్కరికీ 8 నిమిషాలు. అనుకూల పక్షం మొదలుపెడుతుంది, తర్వాత ఒకరి తర్వాత ఒకరు. ఆరుగురూ అయ్యాక ఒక్కో టీమ్ నుంచి 4 నిమిషాల రిప్లై స్పీచ్ ఉంటుంది. అది మొదటి స్పీకర్ గానీ రెండో స్పీకర్ గానీ ఇవ్వాలి, మూడో స్పీకర్ ఇవ్వకూడదు. మీ టీమ్‌లో రిప్లై ఎవరిదో ఇప్పుడే తేల్చుకోండి. కొన్ని స్కూళ్లలో 8 నిమిషాలను 5కో 4కో కుదిస్తారు. అలాగైతే నేను చెప్పే లెక్కలన్నీ అదే నిష్పత్తిలో తగ్గించుకో.

నువ్వు రాసిన మోషన్‌నే తీసుకుందాం: స్కూళ్లలో హోమ్‌వర్క్ రద్దు చేయాలి. మీరు ఆ రద్దు వద్దనే పక్షం.

వాళ్ల మొదటి స్పీకర్ ముందు హోమ్‌వర్క్ అంటే ఏమిటో నిర్వచిస్తాడు. ప్రాజెక్టులు అందులోకి వస్తాయా, పరీక్షకు ఇంట్లో చదువుకోవడం వస్తుందా అన్నది అక్కడే తేలాలి. ఆ నిర్వచనం బొత్తిగా అన్యాయంగా ఉంటే అభ్యంతరం చెప్పాల్సింది మీ మొదటి స్పీకరే. తను ఊరుకుంటే మీ టీమ్ ఒప్పుకున్నట్టే లెక్క. నువ్వు లేచి మళ్లీ ఆ గొడవ తవ్వకు. ఆ తర్వాత వాళ్ల వాదన వస్తుంది. ఇలా అంటాడనుకో: ‘చదువుకున్న తల్లిదండ్రులున్న పిల్లలకు ఇంట్లో సాయం దొరుకుతుంది, మిగతావాళ్లకు దొరకదు. హోమ్‌వర్క్ ఆ తేడాను పెంచుతుంది.’ మంచి వాదన. దీన్ని తేలిగ్గా తీసుకుంటే దెబ్బతింటారు.

ఇక్కడే చాలామంది పిల్లలు ఒకే తప్పు చేస్తారు. లేచి, ‘కానీ హోమ్‌వర్క్ వల్ల క్రమశిక్షణ వస్తుంది’ అంటారు. అది ఖండన కాదు, వేరే వాదన. తేడా పెరుగుతుందని వాళ్లు అన్న మాట అక్కడే చెక్కుచెదరకుండా నిలబడి ఉంది. పైగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదని జడ్జి తన కాగితం మీద రాసుకుంటాడు. మీ తరఫున ఆ ఖాళీని ఆయన పూరించడు, పూరించకూడదు కూడా. ఖండన అంటే వాళ్ల వాదనలో ఎక్కడో ఒక కీలు పట్టుకుని విప్పడం.

ఆ కీలు ఎక్కడుందో కనిపెట్టడానికి పీఓఐ పనికొస్తుంది. పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ అంటే ఎదుటి స్పీకర్ మాట్లాడుతుండగానే లేచి అడిగే చిన్న ప్రశ్న. మొదటి నిమిషం, చివరి నిమిషం దానికి అనుమతి లేదు. 1వ నిమిషం దగ్గర ఒక గంట, 7వ నిమిషం దగ్గర ఒక గంట కొడతారు. ఆ రెంటి మధ్యనే అడగాలి. నువ్వు లేచి నిలబడతావు, స్పీకర్ ఒప్పుకుంటే 15 సెకన్లలో ముగించాలి. ఒప్పుకోకపోతే నోరు మూసుకుని కూర్చోవాలి. వెంటనే మళ్లీ లేవకు, కనీసం 20 సెకన్లు ఆగు. ముగ్గురూ కోడిపిల్లల్లా లేస్తూ కూర్చుంటూ ఉంటే స్పీకర్‌ను వేధించినట్టే, జడ్జికి చిరాకు కూడా.

ఆ వాదన నడుస్తుండగా నువ్వు లేచి ఈ ఒక్క ముక్క అడుగు: ‘హోమ్‌వర్క్ రద్దు చేస్తే ట్యూషన్లు కూడా ఆగుతాయా?’ అంతే. ముందు మాటలు వద్దు, ‘మీరు ఇందాక అన్నారు కదా’ అనే సాగదీత వద్దు. ఔనంటే ఎలా ఆగుతాయో చెప్పాలి. కాదంటే తేడా అలాగే ఉంటుందని తనే ఒప్పుకున్నట్టు. ‘ట్యూషన్ ఈ మోషన్‌లో విషయం కాదు’ అని తప్పించుకుంటే ఇంకా మంచిది. ఆ జవాబును అక్షరం మారకుండా రాసుకుని మీ మొదటి స్పీకర్ ముందుకు తోసెయ్. పీఓఐ అడగడంతో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. వచ్చిన జవాబును తర్వాతి స్పీచ్‌లో వాడకపోతే ఆ ప్రశ్న గాల్లో కలిసిపోయినట్టే.

ఇప్పుడు మీ మొదటి స్పీకర్ లేచి ఇలా అంటుంది: ‘ఇంట్లో సాయం లేని పిల్లకు హోమ్‌వర్క్ కష్టమే, ఒప్పుకుంటాం. కానీ దాన్ని తీసేస్తే ఏమవుతుంది? సాయం ఉన్న పిల్లకు ట్యూషనూ ఉంది, చెప్పే అమ్మానాన్నలూ ఉన్నారు. రెండో పిల్లకు ఇంటి దగ్గర అభ్యాసం అంటూ ఉన్నది బడి ఇచ్చిందే, అది కూడా పోతుంది. తేడా తగ్గదు, పెరుగుతుంది.’ వాళ్ల ఆయుధాన్నే వాళ్ల మీదికి తిప్పడమన్నమాట. దీనికి 2, 3 నిమిషాలు చాలు. మిగతా టైమంతా తన సొంత వాదనలకు.

వాళ్ల రెండో స్పీకర్ గట్టిదైతే దీన్ని వదలదు. ‘ట్యూషన్‌కు పంపేదే హోమ్‌వర్క్ చేయించడానికి. హోమ్‌వర్క్ పోతే ట్యూషన్ కూడా తగ్గుతుంది’ అంటుంది. ఇది విని నీ గుండె జారుతుందని నాకు తెలుసు. బాగుందే అనిపిస్తుంది. ఇప్పుడు లేవాల్సింది నువ్వే.

నీ 8 నిమిషాల్లో మొదటి 3 నిమిషాలు ఈ పోరుకు పెట్టు. ముందు వాళ్ల మాటను ఉన్నదున్నట్టు చెప్పు, వెటకారం లేకుండా: ‘హోమ్‌వర్క్ వల్లే ట్యూషన్ పుట్టిందని వాళ్లంటున్నారు.’ తర్వాత కీలు విప్పు: ‘ట్యూషన్‌కు పంపేది పరీక్షలో మార్కుల కోసం. వాళ్ల ప్రణాళికలో పరీక్ష అలాగే ఉంది. పరీక్ష ఉన్నంతకాలం ట్యూషన్ ఉంటుంది.’ అక్కడ ఆగకు. ఇంకో అడుగు వెయ్యి: ‘పోనీ, ట్యూషన్లన్నీ రేపే మూతపడ్డాయనుకుందాం. అయినా చదువుకున్న తల్లి సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని చెప్పడం ఆగదు. పక్కింటి పిల్లకు అది లేదు.’ ఈ ‘పోనీ’ చాలా విలువైనది. మొదటి జవాబు జడ్జికి నచ్చకపోయినా రెండోది నిలబడుతుంది. చివరగా దీనివల్ల డిబేట్‌లో ఏం మారిందో చెప్పాలి: ‘సమానత్వం వాళ్ల కేసుకు మూలస్తంభం. ఆ సమానత్వమే తగ్గుతోందని చూపించాం.’ ఈ ముక్క చెప్పకుండా తర్వాతి విషయానికి దూకేస్తే, నువ్వు గెలిచిన సంగతి జడ్జికి తెలియకుండానే పోవచ్చు. నేను జడ్జిగా ఉన్నప్పుడు మంచి ఖండన విని, దాన్ని ఏ గడిలో రాసుకోవాలో తెలియక పెన్ను పట్టుకుని చూస్తూ కూర్చున్న రోజులున్నాయి.

ఆ తర్వాత వాళ్ల రెండో స్పీకర్ తెచ్చిన కొత్త వాదనలకు క్లుప్తంగా జవాబు చెప్పు. మీ మొదటి స్పీకర్ వాదనల మీద వాళ్లు దాడి చేసి ఉంటే వాటిని నిలబెట్టు. ఆపైన నీ సొంత వాదన మొదలుపెట్టు. 4వ నిమిషం దాటాక కూడా ఇంకా ఖండనలోనే ఉన్నావంటే నీ వాదన కుంటుతుంది. బల్ల మీద గడియారం పెట్టుకో.

నువ్వు మాట్లాడేటప్పుడు వాళ్లూ లేస్తారు. రెండు పీఓఐలు తీసుకో. అసలు తీసుకోకపోతే భయపడ్డావంటారు, నాలుగు తీసుకుంటే స్పీచ్ వాళ్ల చేతిలోకి పోతుంది. లేచిన వెంటనే ఇవ్వకు. నీ వాక్యం, కుదిరితే నీ వాదన పూర్తిచేసి, అప్పుడు చెయ్యి చూపించు. వద్దనుకుంటే ‘ఇప్పుడు కాదు, థాంక్యూ’ అని సాగిపో. జవాబు రెండు వాక్యాల్లో చెప్పి నీ దారిలోకి వచ్చెయ్. ఎదుటివాళ్ల ప్రశ్న నీ తర్వాతి పాయింటే అయితే, ‘సరిగ్గా అక్కడికే వస్తున్నాను’ అనొచ్చు, కానీ నిజంగా రావాలి.

మూడో స్పీకర్ గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. మీ మూడో స్పీకర్ కొత్త వాదన తేకూడదు. అప్పటిదాకా జరిగిన గొడవను రెండు మూడు పెద్ద ప్రశ్నలుగా కట్టి తేల్చాలి. నేను ఒకసారి మూడో స్పీకర్‌గా, దాచుకున్న బ్రహ్మాస్త్రం అనుకుని ఒక కొత్త వాదన చివర్లో వదిలాను. జడ్జి దాన్ని అసలు లెక్కలోకి తీసుకోలేదు. రెండున్నర నిమిషాలు వృథా. అదే మాట మా రెండో స్పీకర్ చెప్పి ఉంటే గెలిచేవాళ్లమేమో! కాబట్టి దాచిపెట్టిన మంచి వాదన ఏదైనా ఉంటే నీ స్పీచ్‌తో దానికి గడువు తీరిపోతుందని గుర్తుపెట్టుకో.

రిప్లైలో ఒక చిక్కుంది. రిప్లైల వరస తిరగబడుతుంది, ముందు మీదే. అంటే మీ మూడో స్పీకర్, మీ రిప్లై వెంటవెంటనే వస్తాయి, చివరి మాట వాళ్లది. ఇద్దరూ ఒకే పాట పాడితే 12 నిమిషాలు ఒకటే విన్నట్టుంటుంది. మూడో స్పీకర్ ఖండించాలి, రిప్లై ఇచ్చేవాళ్లు తీర్పు చెబుతున్నట్టు మాట్లాడాలి: ట్యూషన్ ప్రశ్న ఎక్కడ మొదలైంది, వాళ్లు ఏం జవాబిచ్చారు, అది ఎందుకు చాలలేదు. రిప్లైలో పీఓఐలు ఉండవు, కొత్త విషయమూ ఉండకూడదు.

నోట్సు విషయం. కాగితాన్ని అడ్డంగా తిప్పి ఎనిమిది నిలువు గడులు గీయి, ఒక్కో స్పీచ్‌కు ఒకటి. వాళ్ల మాటలు ఒక రంగుతో, మీవి ఇంకో రంగుతో. ట్యూషన్ వాదన ఎడమ నుంచి కుడికి ఎలా నడిచిందో బాణాలు వేసుకో. బాణం చేరని గడి కనిపిస్తే ఎవరో ఒకరు జవాబు వదిలేశారని అర్థం. వదిలింది వాళ్లయితే జడ్జికి చూపించు, మీరయితే వెంటనే మూసెయ్.

ఆదివారం లోపు నీ మొదటి 3 నిమిషాలు ఫోన్‌లో రికార్డ్ చేసి పంపు. రాసుకుని చదవకు, గడుల కాగితం మాత్రం చేతిలో పెట్టుకో. ‘పోనీ’ దగ్గర ఒక క్షణం ఆగావో లేదో వింటాను.

నీ
అత్త