చీర సరే, అమ్మింది ఎవరు?

"సార్, మా చెల్లెలి పెళ్లికని ఇన్‌స్టాగ్రామ్ ప్రకటన చూసి ఒక సైట్‌లో రూ.8,400 యూపీఐతో కట్టి కంచి పట్టుచీర కొన్నాను. 2025 ఏప్రిల్ 12న పార్శిల్ వచ్చింది. విప్పితే పాలిస్టర్ చీర. పెళ్లింట్లో అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. మూడో రోజే వాట్సాప్‌లో చెప్తే 'చూస్తాం మేడమ్' అంటూ వారం గడిపి, ఏడు రోజుల గడువు దాటిందని నన్ను బ్లాక్ చేశారు. సైట్‌లో హైదరాబాద్ అడ్రస్, అడుగున 24తో మొదలయ్యే జీఎస్టీ నంబరు ఉన్నాయి. గూగుల్‌లో వెతికితే అదే పేరుతో కస్టమర్ కేర్ నంబరు దొరికింది. ఏదో యాప్ వేసుకుంటే డబ్బు వెనక్కి వేస్తామంటున్నారు. వేసుకోమంటారా?" — ఖమ్మం పాఠకురాలు

వద్దమ్మా. ఆ యాప్ మీ ఫోన్ తెరను వాళ్లకు చూపిస్తుంది. డబ్బు తీసుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అవసరం లేదు. అడిగారంటే మీ ఖాతాలోంచి తీసుకుంటున్నారనే అర్థం. ఇప్పటికే వేసుకుని ఉంటే తీసేసి బ్యాంకుకు చెప్పండి. డబ్బు పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. కస్టమర్ కేర్ నంబరు ఆ సంస్థ సొంత పేజీలోనే తీసుకోవాలి తప్ప గూగుల్‌లో వెతికి కాదు.

ఇక మీ కేసు తేలేది చీర నాణ్యత దగ్గర కాదు, అమ్మింది ఎవరనే దగ్గర. సైట్ పేరు మీద ఫిర్యాదు నడవదు. ఎదుటి పక్షానికి చట్టబద్ధమైన పేరు, నోటీసు అందే అడ్రస్ కావాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం సంస్థ తన చట్టబద్ధమైన పేరు, ప్రధాన కార్యాలయం అడ్రస్, కస్టమర్ కేర్, గ్రీవెన్స్ ఆఫీసర్ వివరాలు సైట్‌లో పెట్టి తీరాలి. సంప్రదించడానికి ఒక్క వాట్సాప్ నంబరే ఉన్న సైట్‌కు ఎనిమిది వేలు కట్టే ముందు కాస్త కిందికి జరిపి చూడాల్సింది.

ఇప్పుడైనా ఆ జీఎస్టీ నంబరు చూడండి. 24 గుజరాత్ కోడ్, తెలంగాణకు 36. అంటే ఆ హైదరాబాద్ అడ్రస్‌కు ఆ నంబరు చెందదు. అంతమాత్రాన మోసమని తేల్చలేం, వ్యాపారి గుజరాత్‌లో ఉండి ఇక్కడి అడ్రస్ ఊరికే రాసి ఉండొచ్చు. లేదా ఎవరి నంబరో తెచ్చి అతికించి ఉండొచ్చు. gst.gov.in లో Search Taxpayer కింద నంబరు కొడితే చట్టబద్ధమైన పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, అది చెల్లుతోందా రద్దయిందా అన్నది కనిపిస్తాయి. నంబరులో ఆరో అక్షరం P అయితే ఒక వ్యక్తి, C అయితే కంపెనీ. వ్యక్తి అయితే ఆయన పేరునే ఫిర్యాదు వేయాలి.

ఆ పేరును మీ యూపీఐ రసీదులో డబ్బు అందుకున్న పేరుతోను, పార్శిల్ మీద పంపినవారి పేరుతోను పోల్చండి. మూడూ కలిస్తే మీ ప్రతివాది దొరికినట్టే. అసలు కలవకపోతే, లేదా మీరు కొనేనాటికే రిజిస్ట్రేషన్ రద్దయి ఉంటే, cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు పెట్టండి. పార్శిల్ కవరు పారేశారా? అలాంటి అజాగ్రత్త వల్లే గెలవాల్సిన కేసులు ఓడిపోతాయి. ఫొటో అయినా ఉందేమో వెతకండి.

రిఫండ్ పేజీ తెరిచి ఈ రోజే పీడీఎఫ్‌గా దాచండి, పైన సైట్ చిరునామా, తేదీ కనబడాలి. చీర వివరణ పేజీ, కాంటాక్ట్ పేజీ కూడా. ఇలాంటి సైట్లు రాత్రికి రాత్రే మాయమవుతాయి. ఆ పేజీలో వేరే సైట్ పేరు మిగిలిపోయి ఉంటే అది కాపీ కొట్టిన పాలసీ, దాన్ని ప్రత్యేకంగా దాచండి. ఈ ప్రింట్లు వినియోగదారుల కమిషన్ ముందు నిలవాలంటే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63(4) కింద సర్టిఫికెట్ జతచేయాలి. వాట్సాప్ చాట్ డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి.

ఏడు రోజుల మాటకు భయపడొద్దు. మీరు మూడో రోజే చెప్పారు, చాట్‌లో తేదీ ఉంది. పైగా ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదని అవే ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి.

సైట్‌లో గ్రీవెన్స్ ఆఫీసర్ మెయిల్ ఉంటే ముందు దానికి నోటీసు పెట్టండి. 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. అదే నోటీసు జీఎస్టీ అడ్రస్‌కు స్పీడ్ పోస్టులో పంపండి. కవరు తిరిగొస్తే విప్పకుండా దాచండి. ఆ తర్వాత ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, మీరుండే చోట వేసే హక్కు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34 ఇచ్చింది. ఈ మొత్తానికి ఫీజు లేదు. గడువు రెండేళ్లు. పార్శిల్ అందిన తేదీ నుంచి లెక్కేసుకుని 2027 ఏప్రిల్ 11 లోపు దాఖలు చేయండి.