మీ వాడికి ఆ పాత బ్యాట్ కొనే ముందు

తమ్ముడూ,

బ్యాట్ ఫోటోలు, కొలతలు అందాయి. వాడిన బ్యాట్ కొనడంలో తప్పేమీ లేదు. కాకపోతే అమ్మేవాడు చెప్పిన కంపెనీ పేరును ప్రస్తుతానికి పక్కన పెట్టు. స్టిక్కర్లు సెట్లుగా విడిగా దొరుకుతాయి, పాతవి పీకేసి కొత్తవి అంటించడం పది నిమిషాల పని. పైగా పెద్ద ఆటగాళ్ల బ్యాట్ మీద కనిపించే పేరు చాలాసార్లు స్పాన్సర్‌ది. సచిన్ బ్యాట్ మీది ఎం.ఆర్.ఎఫ్., రోహిత్ శర్మ బ్యాట్ మీది సియట్ రెండూ టైర్ల కంపెనీలే. ఆ పేరును బట్టి చెక్క ఎవరు చెక్కారో తెలియదు.

అయినా స్టిక్కరును శ్రద్ధగానే చూడాలి, అంచుల దగ్గర. వాడిన బ్యాట్ ఎండకూ నూనెకూ రంగు తిరుగుతుంది. స్టిక్కరు కింది చెక్క మాత్రం తెల్లగానే ఉండిపోతుంది. ఇప్పుడున్న స్టిక్కరు పక్కన వేరే ఆకారంలో లేత మరక కనిపిస్తే అక్కడ ఇంతకుముందు ఇంకో స్టిక్కరు ఉండేదన్నమాట. నువ్వు పంపిన రెండో ఫోటోలో వెనకవైపు సరిగ్గా అలాంటి మరకే ఉంది. బ్లేడు బాగా అరిగి, స్టిక్కరు మాత్రం నలగకుండా మెరుస్తున్నా అదే అనుమానం. పగులు కప్పడానికి కూడా స్టిక్కరు వేస్తారు కాబట్టి అంచు వెంబడి గోరుతో గీరి చూడు, పగులుంటే గోరు తట్టుకుంటుంది.

అది ‘ఇంగ్లిష్ విల్లో’ చెక్క అని అమ్మేవాడు అన్న మాటను కూడా చెక్క దగ్గరే తేల్చుకోవాలి. ఇంగ్లిష్ విల్లో మామూలుగా లేత రంగులో ఉంటుంది, గీతలు నిలువుగా స్పష్టంగా కనిపిస్తాయి. కాశ్మీర్ విల్లో కాస్త గోధుమరంగు, అదే పరిమాణానికి బరువెక్కువ. కొన్నిటిని బ్లీచ్ చేసి తెల్లబరుస్తారు కాబట్టి రంగు ఒక్కటే చూసి నమ్మకు. నేర్చుకునే వాడికి కాశ్మీర్ విల్లో చాలు, ఇంగ్లిష్ విల్లో ధర పెట్టి దాన్ని కొనకుండా ఉంటే సరి.

గ్రిప్పును బట్టి కంపెనీ చెప్పడం ఇంకా కష్టం. అది రబ్బరు తొడుగు, ఏ బ్యాట్‌కైనా ఎక్కుతుంది. దాని ఉపయోగం వేరే. కింది చివర నుంచి రెండంగుళాలు పైకి చుట్టి చూడు. హ్యాండిల్‌కు దారం వరసగా, బిగువుగా చుట్టి ఉండాలి. దారం వదులైనా, టేపు కనిపించినా, బ్లేడులోకి దిగే వి ఆకారపు అతుకు దగ్గర సన్నని గీత విడినా ఆ బ్యాట్ వద్దు. పైనుంచి ఎన్ని గ్రిప్పులున్నాయో కూడా లెక్కపెట్టు. పిల్లవాడికి ఒక్కటి చాలు. రెండుంటే హ్యాండిల్ లావై వేళ్లు చుట్టూ రావు, దాంతో కింది చేత్తో గట్టిగా బిగించి బంతిని అడ్డంగా లాగుతాడు.

ఇక కొలత. వెనక ‘5’ అని ఉందన్నావు, కానీ నీ టేపు లెక్కలో పొడవు 34 అంగుళాలు. సైజు 5 సుమారు 31 ఉంటుంది, 34 అంటే పెద్దవాళ్ల పూర్తి సైజు. అది సుమారు 5 అడుగుల 6 అంగుళాలు దాటిన ఎత్తువాళ్లది. మీ వాడు 4 అడుగుల 8 అంగుళాలు, అంటే సైజు 4. కంపెనీని బట్టి అర అంగుళం అటూ ఇటూ అవుతుంది కానీ రెండు మూడు సైజుల తేడా రాదు. బరువు 1,120 గ్రాములన్నావు, వాడికి 900 చుట్టుపక్కల ఉంటే బాగుంటుంది.

‘పెరిగే పిల్లాడేగా’ అని పెద్దది కొనబోయే ముందు ఈ రెండు పనులు చేయించు. బూట్లు వేసుకుని బ్యాటింగ్‌కు నిలబడమను, బ్యాట్ అడుగు వెనక కాలి బొటనవేలి పక్కన ఆనాలి. అప్పుడు హ్యాండిల్ కొస తొడ పైభాగం లోపలి మడత దగ్గరకు రావాలి. పొట్టలో గుచ్చుకుంటే పొడవెక్కువ. తర్వాత పై చేత్తో మాత్రమే, కుడిచేతి వాటమైతే ఎడమ చేత్తో, హ్యాండిల్ పట్టుకుని బ్యాట్‌ను నేలకు సమాంతరంగా ఎత్తి పది సెకన్లు నిలపమను. మణికట్టు వాలిపోయినా, మోచేతిని పక్కటెముకలకు ఆనించుకున్నా ఆ బరువు వాడిది కాదు. కాటా మీద ఒకే బరువు తూగిన రెండు బ్యాట్లలో ఒకటి చేతికి తేలికగా అనిపించవచ్చు, బరువు బ్లేడు అడుగున ఉందా, నడుమ ఉందా అన్నదే దానికి కారణం. అందుకే ఈ పరీక్ష అవసరం.

హ్యాండిల్ కోయిస్తే సరిపోతుందని అమ్మేవాడు అంటాడు. పొడవు తగ్గుతుంది నిజమే, బ్లేడు బరువు అలాగే ఉంటుంది. పైనుంచి చెక్క పోయినకొద్దీ అడుగు ఇంకా బరువుగా తోస్తుంది.

ఈ బ్యాట్ వదిలెయ్. సైజు 4 దొరికితే స్టిక్కరు అంచు, గ్రిప్పు కింది దారం, వి అతుకు మూడింటినీ దగ్గరగా ఫోటో తీసి పంపు.

మీ అన్నయ్య