ప్యాకెట్ మీద ‘మూడు నెలలు నిల్వ’ అని రాస్తే చాలదు

ప్రశ్న: ఇంట్లో కారం, గుమ్మడి వడియాలు, మజ్జిగ మిరపకాయలు చేసి 100 గ్రాముల ప్యాకెట్లలో కిరాణా కొట్లకు వేస్తున్నాను. ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఉంది. మొన్న ఫుడ్ ఇన్‌స్పెక్టర్ గారు కొట్లో నా సరుకు చూసి వెళ్లాక, లేబుల్ సరిగ్గా లేదని నోటీసు వచ్చింది. తెలుగులో శుభ్రంగా అచ్చు వేయించాను, ‘మూడు నెలలు నిల్వ’ అని కూడా రాయించాను. జరిమానా పడుతుందా? ఏం రాయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: అమ్మా, ముందు ఆ నోటీసు తీసి ఏ సెక్షన్ కింద ఇచ్చారో చూడండి. ఆహార భద్రత చట్టం, 2006లోని 32వ సెక్షన్ అని ఉంటే అది తప్పు దిద్దుకోమని చెప్పడమే, జరిమానా కాదు. దిద్దుకోవడానికి కనీసం 14 రోజులు ఇవ్వాలి. ఆ గడువులోగా కొత్త లేబుల్ వేయించి, ఒక నమూనాను చిన్న ఉత్తరంతో ఆ ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర వేయించుకోండి. ఊరుకుంటే మాత్రం రిజిస్ట్రేషన్‌కే ముప్పు. 52వ సెక్షన్ కింద తప్పుడు లేబుల్ కేసు నడిస్తే జరిమానా 3 లక్షల దాకా వేయొచ్చు. అది గరిష్ఠం. ఎంత లాభం పొందారు, తెలిసి చేశారా, ఇది ఎన్నోసారి అన్నవి చూసే మొత్తం నిర్ణయించాలని 49వ సెక్షన్ చెబుతుంది. అందుకే ముద్ర వేసిన ఆ కాపీ జాగ్రత్త.

ఇక లేబుల్ సంగతి. తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉండాలని 2020 లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే ఉంటే కుదరదు. కొనేవాళ్లందరూ తెలుగువాళ్లే అయినప్పుడు ఇది నాకూ బాధగానే ఉంటుంది. కానీ నిబంధన ఉన్నంతకాలం పాటించక తప్పదు. తెలుగు తీసేయకండి, పక్కన ఇంగ్లీషు చేర్చండి.

‘మూడు నెలలు నిల్వ’ అంటే ఎప్పటి నుంచి? కొన్నవాళ్లకు తెలిసే దారి లేదు. తయారీ తేదీ లేదా ప్యాకింగ్ తేదీ, దానితో పాటు ‘యూజ్ బై’ లేదా ‘ఎక్స్‌పైరీ’ తేదీ ఉండాలి. ఒక్క ‘బెస్ట్ బిఫోర్’ వేసి సరిపెట్టుకునే రోజులు పోయాయి. అయితే మీ వడియాలు ఇన్ని రోజులుంటాయని చట్టంలో ఎక్కడా రాసిలేదు. ఆ తేదీ వేసేది మీరే, దానికి జవాబుదారీ మీరే. అందుకని ప్రతి వాయికీ ఒక బ్యాచ్ నంబర్ ఇచ్చి, నాలుగు ప్యాకెట్లు మీ దగ్గరే అటకమీద, కొట్లో సరుకు ఉండే వేడికే ఉంచండి. నెలకొకటి విప్పి, వాసన, రంగు, ముక్క ఫట్‌మని విరుగుతోందా లేక మెత్తగా వంగుతోందా నోట్‌బుక్‌లో రాయండి. నాలుగో నెలలో మెత్తబడితే మూడు నెలలు కాదు, రెండున్నర నెలలకే తేదీ వేయండి. రేపు ఎవరైనా అడిగితే ఆ నోట్‌బుక్కే మీ సాక్ష్యం.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ వడియాలు వారానికే బూజు పట్టాయి. ఎండలో బాగానే ఎండాయి, కానీ మేడమీంచి దించిన వేడిమీదే కవర్లో పోసి సీలు వేశారు. కవరు లోపల ఆవిరి చెమటలా పట్టింది. రాత్రంతా నీడలో చల్లారనిస్తే ఆ బాధ ఉండేది కాదు.

కారం విషయంలో ఇంకో మాట. కొట్టేటప్పుడు నూనె తగిలిస్తున్నారా? ఉత్త కారప్పొడిలో వంటనూనె బరువులో 2 శాతం దాకా ఉండొచ్చు, కానీ ఏ నూనె, ఎంత అన్నది లేబుల్ మీద చెప్పాలి. రంగు మాత్రం చిటికెడు కూడా పనికిరాదు. తేమ 11 శాతం దాటకూడదు. వెల్లుల్లి, జీలకర్ర వేసి దంచితే ‘కారప్పొడి’ అని కాక ‘వెల్లుల్లి కారం’ అని పేరు పెట్టి, పదార్థాలన్నీ ఎక్కువ బరువున్నదాని నుంచి వరసగా రాయండి. మజ్జిగ మిరపకాయల మీద పాలకు సంబంధించిన అలర్జీ హెచ్చరిక ఉండాలి. ఇది చాలామంది మర్చిపోతారు.

చిన్న ప్యాకెట్‌కు మినహాయింపు ఉందని ఎవరైనా చెబితే కవరు కొలవండి. ఆ సడలింపు ఉపరితలం 100 చదరపు సెంటీమీటర్లు మించని వాటికే. మీ 100 గ్రాముల కవరు 12 సెం.మీ. వెడల్పు, 15 సెం.మీ. పొడవు ఉంటే ఒక్క ముఖమే 180.

ఆకుపచ్చ చుక్క గుర్తు, మీ 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబర్, పూర్తి చిరునామా ఎలాగూ ఉండాలి. తూనికలు కొలతల చట్టం కింద నికర బరువు, అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ, ఫిర్యాదుకు ఫోన్, ఈమెయిల్ కావాలి. 60 రూపాయల ప్యాకెట్ అయితే ‘గ్రాముకు 60 పైసలు’ అని కూడా వేయాలి. ప్యాకింగ్ మొదలుపెట్టిన 90 రోజుల్లో ప్యాకర్‌గా ఆ శాఖలో నమోదుకు దరఖాస్తు చేయాలి, రుసుము 500 రూపాయలు.

కొట్లలో ఉన్న పాత ప్యాకెట్లు వెనక్కి తెప్పించండి. వాటి మీద కొత్త తేదీ స్టిక్కర్ అంటించమని కొట్టువాళ్లు సలహా ఇస్తే ఒప్పుకోకండి. ఇప్పటిది తెలియక చేసిన తప్పు, అది తెలిసి చేసిన తప్పవుతుంది.