లాప్‌టాప్ బ్యాటరీ ఉబ్బింది, వారంటీ అయిపోయింది: వాడకం ఎలా ఆపాలి, ఆధారాలు ఎలా కాపాడుకోవాలి?

ప్రశ్న: 58,000 రూపాయలు పెట్టి లాప్‌టాప్ కొని 14 నెలలైంది. ఈ మధ్య టచ్‌ప్యాడ్ ఒకవైపు పైకి లేచింది, మూత సరిగ్గా పడటం లేదు. సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ ఉబ్బిందన్నారు. వారంటీ ఏడాదే, పైగా మీరే కింద పడేసి ఉంటారు, కొత్త బ్యాటరీకి 7,000 అవుతుందని చెప్పి పంపేశారు. అమ్మాయికి ఆన్‌లైన్ పరీక్షలున్నాయి. బ్యాటరీ హెల్త్ బాగానే చూపిస్తోంది కాబట్టి ఇంకో నెల వాడుకోవచ్చా? కేసు వేయాలంటే లాప్‌టాప్‌ను ఇలాగే ఉంచాలా? బ్యాటరీ పీకేసి ఇంట్లో దాచిపెట్టమని మా తమ్ముడు అంటున్నాడు.
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్క రోజు కూడా వాడొద్దు. ఇది జాగ్రత్త కోసం మాత్రమే చెప్పే మాట కాదు, మీ కేసు కోసం కూడా. పరీక్షలకు ఎవరిదైనా లాప్‌టాప్ అడిగి తెచ్చుకోండి.

బ్యాటరీ హెల్త్ అంకె చూసి ధైర్యపడకండి. ఆ అంకె బ్యాటరీలో ఎంత చార్జ్ నిలుస్తుందో చెబుతుంది, లోపల గ్యాస్ చేరిందో లేదో చెప్పదు. ఇప్పటి లాప్‌టాప్‌లలో ఎక్కువగా పల్చటి రేకు సంచిలాంటి లిథియం సెల్స్ ఉంటాయి. వేడి వల్ల, వయసు మీద పడి, నెలల తరబడి ఫుల్ చార్జ్‌లో ప్లగ్గుకే ఉంచడం వల్ల, లేదంటే తయారీలోనే ఉన్న లోపం వల్ల, సెల్‌లోని ద్రవం విచ్ఛిన్నమై గ్యాస్ పుడుతుంది. బయటికి దారి లేక సంచి ఉబ్బుతుంది. ఉబ్బిన ప్రతి బ్యాటరీ మండిపోదు. కానీ దాని మీద ఒత్తిడి పడినా, గుచ్చుకున్నా, మళ్లీ చార్జ్ ఎక్కించినా లోపలి పల్చటి పొర తెగి షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. ఒకసారి మంట మొదలైతే ఆగడం కష్టం, వచ్చే పొగ కూడా విషమే.

ఇక వాడకం ఆపే పద్ధతి. ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి చార్జర్ తీసేయండి. లాప్‌టాప్ ఆన్‌లో ఉంటే మామూలుగా షట్‌డౌన్ చేయండి. స్లీప్ చాలదు. కొన్ని కంపెనీలు బ్యాటరీ ఖాళీ అయ్యేదాకా చార్జర్ లేకుండా ఆన్‌లో ఉంచమంటాయి, ఇంకొన్ని వెంటనే ఆపేయమంటాయి. మీ కంపెనీ హెల్ప్‌లైన్ ఏం చెబితే అది చేయండి, సొంతంగా నిర్ణయించుకోకండి. ఫైళ్ల కోసం మళ్లీ ఆన్ చేయాలన్న తొందర వద్దు. చాలా మోడళ్లలో స్టోరేజీ డ్రైవ్‌ను టెక్నీషియన్ విడిగా తీయగలడు. అలా తీయలేని మోడళ్లలో కొత్త బ్యాటరీ వేశాక ఫైళ్లు అక్కడే ఉంటాయి.

మూత బలవంతంగా మూయకండి, పైన పుస్తకాలు పెట్టకండి, లేచిన టచ్‌ప్యాడ్‌ను వేలితో నొక్కి సరిచేయాలని చూడకండి. మంచం, సోఫా, బట్టల అల్మారా కాకుండా టైల్స్ నేల మీద, కర్టెన్లకు, గ్యాస్ సిలిండర్‌కు దూరంగా, ఎండ తగలని చోట పెట్టండి. ఫ్రిజ్‌లోకీ నీళ్లలోకీ వద్దు. తియ్యటి ఘాటు వాసన, బుస్సుమనే చప్పుడు, వేడి, పొగ, వీటిలో ఏది కనిపించినా దాన్ని ముట్టుకోకుండా అందరూ బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేసి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి.

మీ తమ్ముడి సలహా మాత్రం వినకండి. పాత లాప్‌టాప్‌లలో అడుగున లాచ్ జరిపితే బ్యాటరీ దానంతటదే ఊడివచ్చేది. మీది అలాంటిదైతే, బలం పెట్టకుండా వచ్చేస్తేనే తీయొచ్చు. లోపల స్క్రూలతోనో జిగురుతోనో అతికించిన బ్యాటరీ అయితే, స్క్రూడ్రైవర్ మొన పొరపాటున తగిలితే చాలు. అలా పీకడం వల్ల చట్టపరంగా కూడా నష్టమే, దాని సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు ఆధారాలు. లాప్‌టాప్ ఆపేసి, చల్లబడ్డాక, నొక్కకుండానే ఫోటోలు తీసుకోవచ్చు. చదునైన టైల్ మీద పెడితే అడుగు ఉబ్బి ఒక మూల నుంచి ఇంకో మూలకు ఊగుతుందేమో చిన్న వీడియో తీయండి. పక్క నుంచి టార్చ్ వేసి, అడుగు కవర్‌కూ బాడీకీ మధ్య విచ్చుకున్న సందును స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఫోటో తీయండి. సందులోకి మాత్రం స్కేలు గానీ కార్డు గానీ దూర్చకండి.

మీకు అన్నింటికన్నా పనికొచ్చేది నాలుగు మూలల ఫోటోలు. కింద పడిన లాప్‌టాప్‌కు సాధారణంగా ఏదో ఒక మూల సొట్ట పడుతుంది, గీత పడుతుంది, హింజ్ దగ్గర పగులు ఉంటుంది. ఉబ్బిన బ్యాటరీ లోపలి నుంచి బయటికి తోస్తుంది. సెల్స్ ఉండేది ఎక్కువగా అరచేతులు ఆనించే చోట, టచ్‌ప్యాడ్ కింద. అందుకే అక్కడ ఎత్తు లేచి, మూలలు శుభ్రంగా ఉంటాయి. 'మీరే పడేశారు' అన్న మాటకు ఇంతకన్నా సూటి జవాబు ఉండదు. ఫోటోలు తీసిన ఫోన్‌లోనే ఒరిజినల్స్ ఉంచండి. వాట్సాప్‌లో పంపినవి కుదించుకుపోతాయి, తేదీ వివరాలు కూడా పోతాయి. అడుగున ఉండే మోడల్, సీరియల్ నంబర్ల స్టిక్కరు ఫోటో కూడా తీయండి. ఆ నంబర్‌తో కంపెనీ సైట్‌లో రీకాల్ ఉందేమో చూడండి. 2015 సెప్టెంబర్ – 2017 ఫిబ్రవరి మధ్య ఎక్కువగా అమ్ముడైన 15 అంగుళాల మాక్‌బుక్ ప్రోల బ్యాటరీలను ఆపిల్ 2019లో ఇలాగే వెనక్కి పిలిచి ఉచితంగా మార్చింది. రీకాల్‌లో ఉంటే వారంటీ అయిపోయిందన్న వాదనే రాదు.

ఆ తర్వాత సర్వీస్ సెంటర్‌కు. ముందు ఫోన్ చేసి ఉబ్బిన బ్యాటరీ అని చెప్పండి. ఇంటికే మనిషిని పంపుతారేమో అడగండి. మీరే తీసుకెళ్లాల్సి వస్తే బిగుతు బ్యాగులో కుక్కకుండా, వెడల్పాటి పెట్టెలో చదునుగా పెట్టుకుని, ఎండలో ఆపిన కారులో వదలకుండా తీసుకెళ్లండి. మామూలు కొరియర్‌లో పంపడం కుదరదు. పాడైన లిథియం బ్యాటరీలకు విమానంలో అనుమతి లేదు.

కౌంటర్‌లో జాబ్ షీటు విషయంలో పట్టుబట్టండి. చాలాచోట్ల కుర్రాళ్లు తొందరలో 'టచ్‌ప్యాడ్ ప్రాబ్లం' అని రాసేస్తారు. రేపు వినియోగదారుల కమిషన్ ముందు ఆ రెండు మాటలే మీ మెడకు చుట్టుకుంటాయి. 'బ్యాటరీ ఉబ్బింది, టచ్‌ప్యాడ్ పైకి లేచింది, బాడీ మీద సొట్టలు లేవు' అని రాయించండి. వాళ్లు 'ఫిజికల్ డ్యామేజ్' అని రాస్తే సంతకం పక్కనే 'నేను ఒప్పుకోవడం లేదు' అని మీ చేత్తో రాసి సంతకం పెట్టండి. డబ్బు కట్టి మార్పించుకుంటే హక్కు పోతుందన్న భయం వద్దు. 'అభ్యంతరంతో చెల్లిస్తున్నాను' అని బిల్లు మీద రాసి, అదే మాట మెయిల్ కూడా చేయండి. పాత బ్యాటరీ సీరియల్ నంబర్ బిల్లులో ఉండాలి. ఫిర్యాదు తేలేదాకా దాన్ని భద్రంగా ఉంచమని లిఖితపూర్వకంగా అడగండి. అంతే గానీ ఆధారం కదా అని ఇంటికి తెచ్చుకోకండి.

ఇక అసలు చట్టం. వినియోగదారుల పరిరక్షణ చట్టం 2019లో మీ కేసు 'లోపం' కిందికి వస్తుంది. వారంటీ గడువు కంపెనీ పెట్టుకున్నది. గడువు దాటినంత మాత్రాన తయారీ లోపం లోపం కాకుండా పోదు. కాకపోతే ఒక మాట ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. వారంటీలో ఉంటే మీ పని సులువయ్యేది, ఇప్పుడు లోపం ఉందని చూపించే బరువు మీ మీద పడుతుంది. 14 నెలలకే, సొట్టలు లేకుండా, ఎవరూ విప్పకుండా ఉబ్బిందంటే మీ వాదనకు బలం ఉంది. బయట షాపులో విప్పించినా, మీ తమ్ముడు పీకినా ఆ బలం పోతుంది. 'మా సీల్ తెరిచారు, మా బాధ్యత లేదు' అని కంపెనీ చేతులు దులుపుకుంటుంది.

ఉబ్బిందని తెలిసీ వాడితే ఏమవుతుందో చూడండి. మంట లేచి బల్ల కాలినా, చేతికి గాయమైనా, ఇదే చట్టంలో 'ఉత్పత్తి బాధ్యత' కింద విడిగా నష్టపరిహారం అడగొచ్చు. లాప్‌టాప్ ధర మాత్రం ఆ అధ్యాయం కింద రాదు, దాన్ని లోపం కింద అడగాలి. కానీ వస్తువును దుర్వినియోగం చేసినా, మార్పులు చేసినా అమ్మినవాళ్లపై ఉత్పత్తి బాధ్యత కేసు నడవదని సెక్షన్ 87 చెబుతోంది. కంపెనీకి మీరు రాసిన 'బ్యాటరీ ఉబ్బింది' అన్న మెయిలే అప్పుడు వాళ్ల చేతిలో ఆయుధం అవుతుంది. తెలిసీ చార్జ్ పెట్టారు కదా అంటారు. నష్టాన్ని తగ్గించుకునే అవకాశం ఉండి కూడా వాడుకోలేదన్న వాదన కూడా తోడవుతుంది.

కంపెనీకీ, అమ్మిన షాపుకీ 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. ఉచితంగా బ్యాటరీ మార్చాలని, టచ్‌ప్యాడ్ పాడైతే అదీ బాగుచేయాలని, ఇప్పటికే కట్టిన డబ్బుంటే తిరిగివ్వాలని అడగండి. ఐదు లక్షల మనోవేదన పరిహారం లాంటివి రాస్తే నోటీసు బరువు తగ్గుతుంది, పెరగదు. మధ్యలో 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. అక్కడా తేలకపోతే మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా పరవాలేదు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో వేయొచ్చు. గడువు రెండేళ్లు. అది కొన్న రోజు నుంచి కాదు, వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి. అందుకే ఉబ్బు మొదట చూసిన తేదీని, సర్వీస్ సెంటర్ కాదన్న తేదీని ఇప్పుడే రాసిపెట్టుకోండి.

కేసు అవసరం లేకుండా తేలిపోతే పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకండి. బ్యాటరీ వ్యర్థాల నియమాలు 2022 ప్రకారం వాడేసిన బ్యాటరీని ఇంటి చెత్తలో కలపకుండా సేకరించే, రీసైకిల్ చేసే సంస్థకే ఇవ్వాలి. సర్వీస్ సెంటరే తీసుకుంటే రసీదులో ఆ మాట రాయించుకోండి. కేసు నడిచి, పరీక్షిస్తే గానీ లోపం తేలదని కమిషన్ భావిస్తే, నమూనాను లేబొరేటరీకి పంపమని సెక్షన్ 38 కింద ఆదేశించవచ్చు. అప్పుడు అది ఉబ్బిన లిథియం బ్యాటరీ అని పిటిషన్‌లో రాసి, భద్రంగా తరలించే పని కంపెనీకి అప్పగించమని కోరండి. దాన్ని సంచిలో వేసుకుని విచారణకు మాత్రం వెళ్లకండి. అక్కడ మీకు కావాల్సింది ఫోటోలు, జాబ్ షీటు, బిల్లు, నోటీసు కాపీ.