పోటీ షాపు ఫొటోలు వాడితే కాపీరైట్ కంప్లయింట్

"ఆన్‌లైన్‌లో మంగళగిరి చీరలు అమ్ముతాను. ఇంకో షాపూ నేనూ ఒకే మగ్గాల దగ్గర సరుకు తీసుకుంటాం. లోగో కత్తిరించి వాళ్ల ఫొటోలు పెట్టాను. కాపీరైట్ కంప్లయింట్ వచ్చి లిస్టింగ్ ఆగిపోయింది. చీర ఒకటే కదా, అభ్యంతరం చెప్పొచ్చా?"

వద్దండి. చీర అమ్మే హక్కు మీకుంది, ఆ ఫొటో మీద మాత్రం లేదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో మామూలుగా తీసినవాళ్లది, డబ్బిచ్చి తీయించుకుంటే తీయించుకున్నవాళ్లది. రిజిస్ట్రేషన్ చేయించకపోయినా ఆ హక్కు ఉంటుంది. లోగో కత్తిరించడం మీకే చేటు, తెలిసే చేశారని చెప్పడానికి వాళ్లకు అదే ఆధారం. కొంగు మడతలూ వెనక గోడా వాళ్ల ఒరిజినల్ ఫైలుతో పోల్చితే ఇట్టే తేలిపోతుంది.

ఫొటో నాదేనంటూ కౌంటర్ నోటీసు పంపకండి, అబద్ధమని తేలితే అకౌంట్‌కే ఎసరు. ముందు ఆ ఫొటోలను మిగతా లిస్టింగుల నుంచీ, వాట్సాప్ కేటలాగ్ నుంచీ కూడా తీసేయండి. చాలామంది ఆగిన లిస్టింగ్ ఒక్కటే చూసుకుంటారు, రెండో కంప్లయింట్ అక్కడే వస్తుంది. తర్వాత నోటీసులో ఉన్న మెయిల్‌కి తీసేశానని, మళ్లీ వాడనని రాసి, కంప్లయింట్ వెనక్కి తీసుకోమని అడగండి. ఆ ఉపసంహరణ కంప్లయింట్ నంబరుతో వాళ్ల దగ్గర్నుంచే సైటుకు వెళ్లాలి, మీరు ఫార్వర్డ్ చేస్తే సాధారణంగా లెక్కలోకి రాదు. ఈలోగా కిటికీ వెలుతురులో మీ చీరలు మీరే ఫొటో తీసి, ఒరిజినల్ ఫైళ్లు దాచుకోండి.