సందేహాలు – సమాధానాలు: కబడ్డీ పోస్టరులో 12.30, లోనా, తలైవాస్

సందేహం: సంక్రాంతికి మా ఊళ్లో అఖిల భారత ఆహ్వాన కబడ్డీ పోటీలు పెడుతున్నారు. మ్యాచ్‌ల పోస్టరు ఇంగ్లీషులో అచ్చయింది. దాన్ని తెలుగులో వేయించే పని నాకు అప్పగించారు. దాని ఫొటో, నేను తెలుగులో రాసుకున్న చిత్తు ప్రతి పంపుతున్నాను. క్వార్టర్ ఫైనల్, బై, రైడ్, లోనా లాంటి వాటికి తెలుగు మాటలు పెట్టాలా? జట్ల పేర్లు ఎలా రాయాలి? ‘జనవరి 15, 12.30 ఏఎం’ అన్న మ్యాచ్ ఏ రోజు రాత్రో కూడా మావాళ్లు తేల్చుకోలేకపోతున్నారు.
— ఒక పాఠకుడు, పశ్చిమ గోదావరి జిల్లా

సమాధానం: ముందు టైము సంగతి తేల్చుకుందాం. మిగతా మాటల్లో తప్పు దొర్లితే చదివినవాళ్లు సర్దుకుంటారు గానీ, ఇక్కడ తప్పితే జట్టే రాదు.

ఇంగ్లీషు లెక్కలో రాత్రి 12 దాటగానే తేదీ మారిపోతుంది. మనకు తెల్లారేదాకా అది ముందురోజు రాత్రే. భోగి మంట వేసిన రోజు బాగా పొద్దుపోయి పడుకుంటే ‘భోగి నాడు రాత్రి ఒంటిగంటకు పడుకున్నాను’ అంటాం, ‘సంక్రాంతి నాడు ఒంటిగంటకు’ అనం. పంచాంగంలో కూడా వారం సూర్యోదయంతోనే మొదలవుతుంది. అందుకని మీరు ‘జనవరి 15, రాత్రి 12.30’ అని రాస్తే ఊళ్లో పదిమందిలో తొమ్మిదిమంది 15వ తేదీ పొద్దుగూకాక వచ్చే రాత్రి అనుకుంటారు. ఒక రోజు ఆలస్యంగా వస్తారు.

మీ ఫొటోలోనే దీనికి ఆధారం ఉంది. పై వరసలోని మ్యాచ్‌కు ‘జనవరి 14, 11.45 పీఎం’ అని రాసి ఉంది. అడుగున చిన్న అక్షరాల్లో ‘20–5–20’ అని ఉంది. కొందరు దాన్ని స్కోరు అనుకుంటారు గానీ అది ఆట సమయం: 20 నిమిషాల చొప్పున రెండు అర్ధభాగాలు, మధ్యలో 5 నిమిషాల విరామం. మొత్తం 45 నిమిషాలు. 11.45కు 45 నిమిషాలు కలిపితే సరిగ్గా 12.30. అంటే ఇది 14వ తేదీ రాత్రి వరసగా జరిగే మ్యాచే. దీన్ని చెప్పడానికి మనకు చక్కని వాడుక ఉండనే ఉంది: ‘14వ తేదీ రాత్రి, తెల్లవారితే 15, 12.30 గంటలకు’. పక్కనే వారం పేరు కూడా వేస్తే ఇక ఎవరికీ టెన్షన్ ఉండదు. ఒక్క విషయం నిర్వాహకులను అడగండి. టైమ్ ఔట్‌లు, గాయాలు కలిస్తే 45 నిమిషాల్లో మ్యాచ్ అవదు. ‘ముందు మ్యాచ్ అయిన వెంటనే’ అని చేర్చడం మంచిదే కానీ, అది వాళ్లు ఒప్పుకుంటేనే చేర్చాలి. అనువాదం చేసేవాళ్లు సొంతంగా టైము మార్చకూడదు.

మిగతా ఏఎం, పీఎంలకు ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి చాలు. 12.30 పీఎం మధ్యాహ్నమే, 3 పీఎం కూడా మధ్యాహ్నమే. 4 నుంచి 6 వరకు సాయంత్రం, 7 నుంచి రాత్రి. పత్రికల్లో మామూలుగా కనిపించే పద్ధతి ఇదే. ‘రిపోర్టింగ్ టైమ్’ అన్నచోట ‘నివేదిక సమయం’ అని రాయకండి. అక్కడ నివేదిక ఇచ్చేవాళ్లెవరూ లేరు. ‘జట్లు మైదానానికి చేరాల్సిన సమయం’ అంటే సరిపోతుంది.

రౌండ్ల పేర్లకు తెలుగు మాటలు కట్టే పని పెట్టుకోవద్దు. లీగ్ దశ, నాకౌట్ దశ, ప్రి క్వార్టర్ ఫైనల్, క్వార్టర్ ఫైనల్, సెమీఫైనల్, ఫైనల్ అన్నవి క్రీడా పేజీ చదివే ప్రతివాళ్లకూ తెలిసినవే. ‘తుది పోరు’ పత్రికల్లో శీర్షికకు బాగుంటుంది. పట్టికలో మాత్రం ఫైనల్ అనే ఉండాలి, ఎందుకంటే మైకులో వినబడేది ఆ మాటే. ‘రౌండ్ ఆఫ్ 16’ అంటే 16 జట్ల రౌండ్, అంటే మనం ప్రి క్వార్టర్ ఫైనల్ అనేదే. పదహారో రౌండ్ కాదు.

అసలు చిక్కు తెచ్చేవి రెండు చిన్న మాటలు: బై, టై. మీ పోస్టరులో 13 జట్లున్నాయి. క్వార్టర్ ఫైనల్‌కు ఎనిమిది కావాలి. అందుకని మొదటి రౌండ్‌లో పది జట్లు ఐదు మ్యాచ్‌లు ఆడతాయి, ఐదు గెలుస్తాయి. మిగతా మూడు జట్లు ఆ రౌండ్ ఆడకుండానే ముందుకెళ్తాయి. ఆ మూడింటి ఎదురుగా ఉన్నదే ‘బై’. దాన్ని వీడ్కోలు అనో సెలవు అనో తెలుగు చేస్తే ఆ జట్టును ఇంటికి పంపేసినట్టు అవుతుంది. బై అనే ఉంచి, పట్టిక కింద ఒక వాక్యం రాయండి: ‘బై వచ్చిన జట్టు ఈ రౌండ్ ఆడకుండా నేరుగా తర్వాతి రౌండ్‌కు వెళ్తుంది’. వాకోవర్ వేరు. అక్కడ ప్రత్యర్థి ఉంటుంది, కానీ రాదు. రెంటికీ ఒకే మాట వాడితే గొడవలవుతాయి.

టై సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే మీ పోస్టరులో అది రెండు అర్థాల్లో వచ్చింది. ఎడమ పక్క నిలువు వరసలో ‘టై నంబర్ 1, 2, 3’ అని ఉంది. అక్కడ టై అంటే మ్యాచ్, అంతే. నిబంధనల్లో ‘టై అయితే చెరో ఐదు రైడ్‌లు’ అని ఉంది. అక్కడ టై అంటే స్కోరు సమం కావడం. మొదటిదాన్ని ‘మ్యాచ్ నంబర్’ అని, రెండోదాన్ని ‘స్కోరు సమమైతే’ అని రాయండి. ఆ తర్వాత పోస్టరులో టై అన్న మాటే అక్కర్లేదు.

ఇక ఆట మాటలు. ఇక్కడ మన దగ్గర మంచి పెట్టుబడి ఉంది, వాడుకోవాలి. చెడుగుడు ఆడిన రోజుల నుంచీ రైడ్‌ను కూత అంటున్నాం, ‘కూతకు వెళ్లాడు’ అంటున్నాం. ‘దాడి’ అని రాస్తే పోలీసులో ఆదాయపు పన్ను వాళ్లో గుర్తొస్తారు గానీ కబడ్డీ గుర్తురాదు. అయితే ఒక మెలిక ఉంది. ఇంగ్లీషు నిబంధనల్లో రెండు వేర్వేరు మాటలున్నాయి: ఎదుటి కోర్టులోకి వెళ్లి రావడం రైడ్, ఊపిరి బిగబట్టి కబడ్డీ కబడ్డీ అని ఆపకుండా పలకడం కాంట్. మన కూత నిజానికి రెండోది. దాన్ని బట్టే మొదటిదానికీ ఆ పేరు వచ్చింది. ఒకే పోస్టరులో రెండూ వస్తే ఒక్క కూతతో నెట్టుకురాలేం. ‘రైడ్ సమయం 30 సెకన్లు, ఎదుటి కోర్టులో కూత ఆగితే ఔట్’ అని రాస్తే ఏది ఏదో తెలుస్తుంది. కాంట్ ప్రస్తావన లేని చోట, అంటే పాయింట్ల పట్టికలో, ‘కూత పాయింట్లు’ అని నిక్షేపంగా రాయొచ్చు. ‘డూ ఆర్ డై రైడ్’కు ‘చావో రేవో కూత’ ఎంత బాగా అతుకుతుందో చూడండి. వరసగా రెండు కూతలు ఖాళీగా పోయాక, పాయింటు తేవాలి లేదా ఔటవ్వాలి అన్న మూడో కూత అది. మన జాతీయం సరిగ్గా అదే చెబుతుంది.

పాయింట్లలో ‘అదనపు’ అన్న మాటను చూసుకుని వాడండి. మీ చిత్తు ప్రతిలో బోనస్ పాయింటుకు, సూపర్ ట్యాకిల్‌కు వచ్చే ఎక్కువ పాయింటుకు, లోనాకు మూడింటికీ ‘అదనపు పాయింటు’ అని పెట్టారు. అవి మూడు వేర్వేరు. ఎదుటి కోర్టులో ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు బోనస్ గీత దాటితే కూతకెళ్లిన ఆటగాడికి దక్కేది బోనస్. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలి కూడా కూతకొచ్చినవాణ్ని పట్టేస్తే ఒకటికి రెండు పాయింట్లు రావడం సూపర్ ట్యాకిల్. జట్టు మొత్తాన్ని ఔట్ చేస్తే విడిగా వచ్చే 2 పాయింట్లు లోనా. బోనస్‌ను బోనస్‌గానే వదిలేయండి, ఆటగాళ్లు అనేది అదే. లోనా మాత్రం ప్రేక్షకులందరికీ తెలియదు, ఆలౌట్ తెలుసు. అందుకని ‘ఆలౌట్ చేసిన జట్టుకు (లోనా) అదనంగా 2 పాయింట్లు’ అని ఒకసారి విడమరిచి రాస్తే చాలు. ట్యాకిల్‌కు ‘పట్టు’ చక్కని మాట. నేనైతే ‘పట్టు పాయింట్లు’ అనే రాస్తాను.

జట్ల పేర్లకు ఒకటే సూత్రం: ఇంగ్లీషు అక్షరాలను కాదు, ఆ పేరు పుట్టిన చోట పలికే తీరును తెలుగులో రాయాలి. మన ఊళ్లతోనే మొదలుపెట్టండి. మీ చిత్తు ప్రతిలో ‘విజియానగరం’, ‘తనుకు’ అని ఉన్నాయి. ఇవి తెలుగు పేర్లే, ఇంగ్లీషులోకి వెళ్లి రూపం మారాయి. వాటిని లిప్యంతరీకరణ చేయనక్కర్లేదు, విజయనగరం, తణుకు అని సొంత రూపంలో రాస్తే సరి. ఇంగ్లీషుకు ణ లేదు, దీర్ఘం చూపించదు. భీమవరం, పాలకొల్లు రాసేటప్పుడు ఆ లోటు మనం పూరించాలి.

బయటి పేర్లలో ఎక్కువమందిని తడబెట్టేది టి, హెచ్ అక్షరాల జంట. ప్రో కబడ్డీలో తమిళ్ తలైవాస్ ఉంది. తమిళులు త ధ్వనికి ఇంగ్లీషులో టి, హెచ్ రాస్తారు కాబట్టి అది తలైవాస్, థలైవాస్ కాదు. తంజావూరును అదే అక్షరాలతో రాసినా మనమెవరం థంజావూరు అనం కదా. అవే రెండు అక్షరాలు మహారాష్ట్ర ఊరి పేరులో ఠాణే అవుతాయి. తెలుగు టైటాన్స్‌లో రెండు మాటలకూ ఒంటరి టి ఉన్నా, తెలుగు మన మాట కాబట్టి త, టైటాన్స్ ఇంగ్లీషు మాట కాబట్టి ట. పేరు ఏ భాషదో తెలిస్తే గానీ ఏ అక్షరమో తెలియదు. అలాగే హరియాణా జట్టులో సోనీపత్, రోహ్‌తక్ లాంటి పేర్లు వస్తే హిందీలో ఎలా రాస్తారో ఒకసారి చూసుకోండి.

పేరుకు అర్థం ఉన్నా సరే, తర్జుమా చేయకూడదు. జైపూర్ పింక్ పాంథర్స్ గులాబీ చిరుతలు కావు. మీ ఫొటోలో మూడో వరసలో ఉన్న ‘సర్వీసెస్’ను మీరు ‘సేవలు’ అన్నారు. అది సైనిక దళాల జట్టు పేరు, సర్వీసెస్ అనే ఉండాలి. రైల్వేస్ కూడా అంతే.

పేరు చివరి ఎస్ ఇంగ్లీషు బహువచనం కాబట్టి దానిమీద మళ్లీ ‘లు’ చేర్చి టైటాన్స్‌లు అనొద్దు. జట్టు ఒకటే కాబట్టి ‘టైటాన్స్ గెలిచింది’ అనే రాస్తాం. విభక్తి చేర్చేటప్పుడు డీటీపీ చేసేవాళ్లకు ఒక మాట చెప్పండి. స్ తర్వాత కనబడని విరామ గుర్తు పెట్టకపోతే ‘టైటాన్స్‌తో’ కాస్తా ‘టైటాన్స్తో’ అయిపోయి త వత్తు కిందికి దిగుతుంది. ఫ్లెక్సీ మీద అంత పెద్ద అక్షరాల్లో అది మొదట కంటబడుతుంది. రెండు జట్ల మధ్య మన పత్రికలు వేసే × గుర్తు పెడితే విభక్తి అవసరం చాలాచోట్ల తప్పుతుంది: ‘తణుకు × సర్వీసెస్’, ‘3వ మ్యాచ్ విజేత × 4వ మ్యాచ్ విజేత’.