వినేవాళ్ల కోసం అనువాదం

తమ్ముడూ,

నువ్వు పంపిన గెటిస్‌బర్గ్ ప్రసంగం అనువాదం చదివాను. 1863 నవంబర్ 19న అమెరికా అధ్యక్షుడు లింకన్ యుద్ధంలో చనిపోయిన సైనికుల సమాధుల దగ్గర మాట్లాడింది ఇంగ్లీషులో మూడు వందల మాటలు కూడా లేదు. అయినా అనువాదకుణ్ణి మొదటి వాక్యంలోనే నిలబెట్టేస్తుంది. నువ్విలా రాశావు:

“ఎనభై ఏడు సంవత్సరాల క్రితం మన తండ్రులు, స్వేచ్ఛయందు ఆవిర్భవించిన, మానవులందరూ సమానులుగా సృష్టించబడ్డారు అనే ప్రతిపాదనకు అంకితం చేయబడిన ఒక నూతన దేశాన్ని ఈ ఖండంపై నెలకొల్పారు.”

అర్థం ఎక్కడా తప్పలేదు. కానీ ‘తండ్రులు’ ఏం చేశారో తెలియడానికి పద్నాలుగు మాటలు ఆగాలి. ఇంగ్లీషులో క్రియ ముందే వచ్చేస్తుంది, వివరాలు దాని వెనక నడుస్తాయి. తెలుగులో ఆ వివరాలన్నీ ‘-ఇన’, ‘అనే’ తగిలించుకుని దేశం ముందు బారులు తీరతాయి. చదివేవాళ్లయితే వెనక్కి వెళ్లి చూసుకుంటారు. వినేవాళ్లకు ఆ వీల్లేదు.

అందుకని ముందు ఎవరు ఏం చేశారో చెప్పి వాక్యం ముగించు. వివరాలకు విడి వాక్యాలివ్వు:

“ఎనభై ఏడేళ్ల కిందట మన పెద్దలు ఈ నేల మీద ఒక కొత్త దేశాన్ని నిలబెట్టారు. అది స్వేచ్ఛలో పుట్టిన దేశం. మనుషులంతా సమానమేనన్న మాటకు అంకితమైన దేశం.”

‘దేశం’ మళ్లీ మళ్లీ వచ్చిందని కొట్టేయకు. చెవికి ఆ తిరిగి రావడమే ఆసరా. ‘సృష్టించబడ్డారు’, ‘చేయబడిన’ ఎలా పోయాయో కూడా గమనించు: వాక్యం విడగొట్టగానే ‘బడు’తో పని లేకుండా పోయింది. ‘తండ్రులు’ అంటే సొంత నాన్నలు గుర్తొస్తారు, కాబట్టి ‘పెద్దలు’.

క్రియ చివర రావడం తెలుగుకు ఇబ్బంది మాత్రమే కాదు, బలం కూడా. లోకం మన మాటలు మరిచిపోతుందనే వాక్యం చూడు: “ఇక్కడ మనం ఏం మాట్లాడామో లోకం పెద్దగా పట్టించుకోదు, ఎంతోకాలం గుర్తు పెట్టుకోదు. వీళ్లు ఇక్కడ ఏం చేశారో మాత్రం ఎన్నటికీ మరిచిపోదు.” మూడు ‘దు’లూ వాటంతట అవే లయ కట్టాయి. ఇక్కడ ‘మేము’ అని ఉంటే వేదిక మీదున్న వక్తలే మిగిలేవాళ్లు. ‘మనం’ అనేసరికి ఎదురుగా ఉన్న జనమూ కలిశారు. ఇంగ్లీషు ఈ తేడా చూపించదు, ప్రతిచోటా నువ్వే తేల్చుకోవాలి.

చివరి వాక్యంలో “ప్రజల యొక్క, ప్రజల చేత, ప్రజల కొరకు” అని పాఠ్యపుస్తకం మాటే పెట్టావు. ‘యొక్క’ ఎవరి నోటా రాదు. “ప్రజల ప్రభుత్వం, ప్రజలే నడిపే ప్రభుత్వం, ప్రజల కోసం ఉండే ప్రభుత్వం” అని చూడు. అలాగని ‘జనాల సర్కారు’ దాకా దిగొద్దు. అక్కడ మాట్లాడుతున్నది యుద్ధంలో చనిపోయినవాళ్ల సమాధుల దగ్గర.

తిరగరాశాక ఇంగ్లీషు తెలియని ఒకరికి ఒక్కసారే చదివి వినిపించు, కాగితం చూపించకు. ఎవరు ఏం చేశారని అడుగు. వాళ్లు తడబడిన చోటల్లా గీత గీసి, ఆ వాక్యాలు నాకు పంపు.